రుబ్బురోలు చుట్టూ ఒక కవిత: స్పర్శ, వాసన, జ్ఞాపకం

పదచిత్రం అనగానే మనలో చాలామందికి కంటికి కనిపించే బొమ్మే గుర్తొస్తుంది. వెన్నెల, వాన, పైరు, పల్లె దారి ఇవన్నీ చూపుకు సంబంధించినవి. చేతికి తగిలేది, ముక్కుకు సోకేది కూడా పదచిత్రమే. చిన్ననాటి వస్తువు గురించి కవిత రాసేటప్పుడు ఈ రెండే ఎక్కువగా పనికొస్తాయి. ఎలా పనికొస్తాయో ఈ పాఠంలో ఒకే వస్తువును, ఒకే కవితను తీసుకుని పరిశీలిద్దాం. ఆ వస్తువు రుబ్బురోలు. కవిత ఈ పాఠం కోసం నేను రాసుకున్నదే. దాని మొదటి చిత్తుప్రతిని, తర్వాత మారిన రూపాన్ని మీ ముందు పెడతాను. రెండింటి మధ్య ఏం జరిగిందన్నదే మనకు ముఖ్యం.

ఒక సంగతి ముందే చెప్పాలి. మీ ఇంట్లో రుబ్బురోలు ఉండకపోవచ్చు. తిరగలి ఉండి ఉండవచ్చు. దాన్ని మీరు ఇసుర్రాయి అనే పిలిచి ఉంటే, కవితలోనూ ఇసుర్రాయి అనే రాయండి. ఇంట్లో పలికిన మాటకు వాసన అంటుకుని ఉంటుంది. నిఘంటువులో వెతికి తెచ్చిన మాటకు అది ఉండదు.

మొదటి చిత్తుప్రతి

అమ్మ రుబ్బురోలు
ప్రేమను రుబ్బిన రోలు
ఎన్ని కష్టాలు నలిగాయో ఆ గుంటలో
ఆ కమ్మని వాసన ఇప్పటికీ
నా మనసులో మెదులుతోంది
ఆ మధుర జ్ఞాపకాలు
నా బాల్యానికి ఆనవాళ్ళు
ఈనాడు మిక్సీల హోరులో
పెరట్లో ఒంటరిగా రోలు
అమ్మలాగే

ఇది చెడ్డ కవిత అని వెంటనే అనిపించదు. కవి సమ్మేళనంలో చదివితే చప్పట్లు కూడా రావచ్చు. ఇబ్బంది ఎక్కడుందో తెలుసుకోవడానికి చిన్న పరీక్ష చేయండి. రోలు అన్నచోట కుంపటి అని పెట్టి చదవండి. ‘ప్రేమను రుబ్బిన’ బదులు ‘ప్రేమను మరిగించిన’, ‘నలిగాయో’ బదులు ‘కాలాయో’ అంటే చాలు, కవిత ఏ నష్టమూ లేకుండా నిలబడుతుంది. మిక్సీ స్థానంలో గ్యాస్ పొయ్యి వస్తుంది. చివరి రెండు పంక్తులను ముట్టుకోనక్కర్లేదు. అంటే ఈ కవితలో రోలు లేదు, రోలు అనే పేరు మాత్రమే ఉంది. వస్తువును మార్చినా చెక్కుచెదరని పంక్తి ఆ వస్తువుది కాదు.

‘కమ్మని వాసన’ అన్న మాటను చూడండి. నెయ్యి కమ్మగా ఉంటుంది, పప్పు కమ్మగా ఉంటుంది, పాట కూడా కమ్మగానే ఉంటుంది. రుబ్బురోలు దగ్గర వచ్చే వాసన అసలు కమ్మగా ఉంటుందా? నానిన మినప్పప్పుది పచ్చి వాసన. పొట్టు కడిగిన నీళ్ళు కాసేపు అలాగే ఉంటే వాటి వాసన ఇంకో రకం. రాతికి వేరే వాసన ఉంది. వీటిలో ఏదీ కమ్మనిది కాదు. అంటే కవి రోలు దగ్గరికి వెళ్ళకుండానే ఆ మాట రాశాడన్నమాట. ‘మధుర జ్ఞాపకాలు’ కూడా ఇలాంటిదే. జ్ఞాపకం ఇంకా రాకముందే అది మధురమని నిర్ణయించేశాడు.

పెరట్లో ఒంటరి రోలును అమ్మతో పోల్చిన ముగింపు మొదటిసారి ఎవరు రాశారో గాని, అప్పుడు బాగుండే ఉంటుంది. ఇప్పుడు కుంపటి, లాంతరు, గడియారం, బావి అన్నీ ఒంటరిగా అమ్మలాగే మిగిలిపోతున్నాయి.

చూపు ఎందుకు చాలదు

ఫ్రెంచి రచయిత మార్సెల్ ప్రూస్ట్ తన పెద్ద నవల మొదటి భాగాన్ని 1913లో వెలువరించాడు. అందులో కథకుడు టీలో నానిన మదలెన్ అనే చిన్న కేకు ముక్కను నోట్లో పెట్టుకోగానే మరిచిపోయిన బాల్యమంతా తిరిగి వస్తుంది. ఈ సంగతి చాలామందికి తెలుసు. అందులోనే మరో రెండు వివరాలున్నాయి, మనకు కావలసినవి అవే. మొదటిది, ఆ కేకును చూసినప్పుడు అతనికి ఏమీ గుర్తు రాలేదు. దుకాణాల్లో తరచుగా చూస్తూ ఉండటం వల్ల ఆ చూపు అరిగిపోయింది. రుచి, వాసన మాత్రం అరగలేదు. రెండవది, నోట్లో పెట్టుకోగానే అతనికి ముందు వచ్చింది జ్ఞాపకం కాదు, కారణం తెలియని ఒక ఆనందం. అది ఎక్కడిదా అని చాలాసేపు తడుముకున్నాకే చిన్నప్పటి ఆదివారం ఉదయం, పిన్నమ్మ గది బయటపడ్డాయి.

శరీరశాస్త్రం దీనికి కొంత కారణం చెబుతుంది. చూపు, స్పర్శ వంటి ఇంద్రియాల సమాచారం మెదడులో థలామస్ అనే కేంద్రం మీదుగా వెళుతుంది. వాసన మాత్రం ఆ మజిలీలో ముందు ఆగకుండానే ఉద్వేగానికి, జ్ఞాపకానికి సంబంధించిన భాగాలను చేరుకోగలదు. అందుకేనేమో, అది ఏ వాసనో పేరు తట్టకముందే మనసు కదులుతుంది.

మన భాష ఈ విషయాన్ని ఒక్క మాటలో దాచుకుంది. ‘వాసన’ అంటే ముక్కుకు తెలిసేది మాత్రమే కాదు. పూర్వానుభవం మనసులో విడిచిన ముద్రను కూడా వాసన అంటారు. ‘పూర్వజన్మ వాసన’ అనే మాట ఇంట్లో పెద్దల నోట మీరు వినే ఉంటారు. రససిద్ధాంతంలో అభినవగుప్తుడు సహృదయుడికి రసానుభూతి కలగడానికి అతనిలో నిద్రాణంగా ఉన్న వాసనలే కారణమంటాడు. ఈ మాటను మళ్ళీ చివర్లో గుర్తు చేసుకుందాం.

ఇందువల్ల కవికి ఒక క్రమం దొరుకుతుంది. స్పర్శ, వాసన ముందు రావాలి, అర్థం తర్వాత రావాలి. మొదటి చిత్తుప్రతిలో ఈ క్రమం తలకిందులైంది. ప్రేమ, కష్టం అనే అర్థాలు ముందే వచ్చి కూర్చున్నాయి, రోలు వాటికి ఉదాహరణగా మిగిలింది.

చేతికి ఏం గుర్తుంది

రెండో చిత్తుప్రతికి ముందు నేను కవిత రాయలేదు. ఒక కాగితం మీద రోలు గురించి చేతికి, ముక్కుకు తెలిసినవి మాత్రమే రాసుకున్నాను. కంటికి కనిపించినదీ మనసుకు అనిపించినదీ రాయకూడదని నియమం పెట్టుకున్నాను. మొదట వచ్చినవి మామూలు విషయాలు: రాయి చల్లదనం, అరచేతికి నున్నగా తగిలే పొత్రం తల, గుంట లోపలి గరుకు. తర్వాత రోలుకు గంట్లు కొట్టేవాళ్ళు గుర్తొచ్చారు. గుంట అరిగి నున్నబడితే పప్పు నలగదు, జారిపోతుంది. అప్పుడు ఉలితో గంట్లు కొట్టించాలి. కొన్ని ఊళ్ళలో దీన్ని కక్కు పెట్టించడం అంటారు. కొట్టించాక రుబ్బిన మొదటి వాయిలో రాతిపొడి పళ్ళకింద కరకరలాడేది, దాన్ని పారబోసేవారు.

ఆ తర్వాత వేళ్ళకు అసలు విషయం గుర్తొచ్చింది. మినప్పిండి రుబ్బేటప్పుడు పొత్రం తిరుగుతున్న కొద్దీ పిండి గుంట అంచులకు ఎక్కుతుంది. దాన్ని మళ్ళీ లోపలికి తోయాలి. తోసే చెయ్యి పొత్రం వెనకే తిరగాలి. వెనకబడితే తిరిగొచ్చిన పొత్రం కింద వేళ్ళు పడతాయి. పిల్లలకు ఆ పని అప్పగించేవారు. మొదట వేళ్ళ కింద పప్పుబద్దలు జారతాయి. కాసేపటికి అది బరకగా మారుతుంది. చివరికి ఏదీ విడిగా తగలని నురుగులాంటి మెత్తదనం వస్తుంది. ఇంత వివరం చేతిలో దాగి ఉందని కాగితం ముందు కూర్చునేదాకా నాకు తెలియదు.

ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. ‘గరుకు’, ‘చల్లన’, ‘నున్నన’ అనే విశేషణాల దగ్గర ఆగి ఉంటే కవిత ముందుకు సాగేది కాదు. ‘తోయడం’ అనే క్రియ రాగానే ఇద్దరు మనుషులు వచ్చారు, ఒక లయ వచ్చింది, ఒక ప్రమాదం వచ్చింది. స్పర్శను విశేషణంగా రాస్తే వస్తువు వర్ణన దొరుకుతుంది. క్రియగా రాస్తే సంఘటన దొరుకుతుంది. మీ కాగితం మీద విశేషణాలే ఉన్నాయంటే మీ చెయ్యి ఆ వస్తువును ఇంకా తాకలేదు, పక్కన నిలబడి చూస్తోందని అనుకోవచ్చు.

వాసన దగ్గర కష్టం వేరు. వాసనలకు తెలుగులో సొంత పేర్లు కొద్దిగానే ఉన్నాయి: కమురు, నీచు, ముక్క వాసన, మాడు, ఘాటు వంటివి. మిగతావన్నీ అవి ఎక్కడి నుంచి వచ్చాయో చెప్పి గుర్తుపట్టించాల్సిందే. ఇది లోపం కాదు. తడి రాయి వాసన, పొట్టు నీళ్ళ వాసన, పొద్దున్నే మూత తీస్తే వచ్చే పులిసిన పిండి వాసన అని రాసి చూడండి. విశేషణం అవసరం పడలేదు. పైగా ఆ మూడూ మూడు వేళలు: రోలు కడిగినప్పుడు, రుబ్బడానికి కూర్చున్నప్పుడు, మర్నాడు తెల్లవారినప్పుడు. కవితలో ‘అప్పుడు’, ‘ఆ తర్వాత’ అని చెప్పకుండా కాలాన్ని నడపడానికి వాసనల వరుస చాలు.

రెండవ రూపం

పొద్దుగూకాక రోలు కడిగేది అమ్మ.
ముందు తడిరాతి వాసన,
వెనకే నానిన మినప్పొట్టు వాసన.

కుడిచేత్తో పొత్రం తిప్పేది.
పిండి తోయడం నా పని.
రాయి వెనకే తిరగాలి చెయ్యి.
మొదట వేళ్ళకింద బద్దలు జారేవి,
తరవాత బరక,
తరవాత నురుగు.

ఒక రాత్రి నా చెయ్యి వెనకబడింది.
అమ్మ నా వేలిని చెంబులో ముంచి పట్టుకుంది.
చన్నీళ్ళలో పిండి విడిపోయింది,
నొప్పి విడవలేదు.

గోరు నల్లబడిన వారం
గడప మీద కూచుని చూశాను.
కుడిచెయ్యి తిప్పుతోంది,
ఎడమచెయ్యి తోస్తోంది,
రోలు వంక చూడకుండానే.

ఎనిమిదోనాడు రోలు కడిగి
‘రా, తోద్దువుగాని’ అంది.

ఈ రూపంలో ప్రేమ, కష్టం, జ్ఞాపకం, బాల్యం అనే మాటలు ఒక్కటీ లేవు. వాటిని పట్టుపట్టి తీసేయలేదు, వాటికి చోటు దొరకలేదంతే. రెండు చేతులూ చాలినప్పుడు అమ్మ బిడ్డను ఎందుకు పిలిచింది? తోడు కోసమా? పని నేర్పడానికా? దెబ్బ తగిలిన భయం పోగొట్టడానికా? కవిత చెప్పదు. అయితే ఆ ప్రశ్న పాఠకుడికి రావాలంటే తోసే చెయ్యి ఎంత ప్రమాదంలో ఉంటుందో ముందు అతని వేళ్ళకు తెలియాలి. రెండో చరణం చేసే పని అదే. ఆ చరణాన్ని తీసేసి చదివితే చివరి పిలుపు మామూలు మాటగా మిగిలిపోతుంది.

నిజానికి ఈ సంగతి నాకు కవిత మొదలుపెట్టేటప్పుడు తెలియదు. నలిగిన గోరు గుర్తొచ్చాకే, ఆ వారం రోజులు రుబ్బడం ఆగలేదన్న విషయం తట్టింది. నా సాయం లేకుండా పని జరగదని చిన్నప్పుడు నమ్మాను. జరుగుతుందని ఆ గడప మీదే తెలిసి ఉంటుంది, కాని మరిచిపోయాను. మొదటి చిత్తుప్రతిలోని ‘మధుర జ్ఞాపకాల’ కింద ఇది ఇన్నేళ్ళూ మూతపడి ఉంది. స్పర్శ నుంచి వెళ్తే మనం ఊహించని చోటికి చేరే అవకాశం ఉంటుంది. అర్థం నుంచి వెళ్తే బయలుదేరిన చోటికే చేరతాం.

మరి రోలుకు గంట్లు కొట్టేవాళ్ళు ఏమయ్యారు? రాతిపొడి కలిసిన వాయిని పారబోయడం గురించి నాకు ఒక మంచి పంక్తి దొరికింది. చాలాసేపు దాన్ని వదలలేకపోయాను. అయినా తీసేశాను. అది వీధిలో ఉలి పట్టుకుని తిరిగిన మరో మనిషి కవిత. ఇందులో ఉంచితే చూపు అమ్మ చేతుల మీద నుంచి అటు మళ్ళుతుంది. ఒకే వస్తువు మీద రాస్తున్నాం కదా అని ఆ వస్తువు గురించి తెలిసినదంతా రాయనక్కర్లేదు. పచ్చిమిరపకాయ పచ్చడి నూరినప్పటి చేతుల మంట, పండగరోజు రోలుకు పెట్టే పసుపు కూడా అలాగే పక్కకు పోయాయి. పులిసిన పిండి వాసన పోయినందుకు మాత్రం నాకు ఇంకా కొంచెం బాధగానే ఉంది. కవిత రాత్రిపూటే ముగిసింది గనుక తెల్లవారి వాసనకు అందులో చోటు లేదు.

తియ్యదనం అనే ప్రమాదం

వంటింటి వస్తువు మీద రాసేటప్పుడు ఒక నైతిక సమస్య కూడా ఎదురవుతుంది. రోలు చుట్టూ ఉన్నది బాల్యం మాత్రమే కాదు, ఒక స్త్రీ రోజూ చేసిన చాకిరీ కూడా. విమల రాసిన ‘వంటిల్లు’ కవిత ఈ విషయంలో మనకు దారి చూపుతుంది. ఆ కవితలోనూ వంటింటి పరిమళాలున్నాయి, చిన్ననాటి మురిపెం ఉంది. ఆ మురిపెం నుంచే కవిత ఆ గది స్త్రీని ఎలా బంధించిందో చూసే ఆగ్రహం వైపు మళ్ళుతుంది. అక్కడ విషయం వంటిల్లంతా, వాదన సూటిగా ఉంటుంది. ఒక్క వస్తువు మీద నిలిచే చిన్న కవితకు అంత పెద్ద వాదన మోసే బలం ఉండకపోవచ్చు. అయినా చాకిరీని కప్పిపుచ్చే హక్కు దానికీ లేదు.

‘ప్రేమను రుబ్బిన రోలు’ అన్న పంక్తి చేసింది ఆ కప్పిపుచ్చడమే. రుబ్బింది మినప్పప్పును, అలిసింది భుజం. దాన్ని ప్రేమ అనగానే శ్రమ కనుమరుగవుతుంది, తిన్నవాళ్ళకు మనశ్శాంతి దొరుకుతుంది. రెండవ రూపంలో ‘రోలు వంక చూడకుండానే’ అన్న మాట ఉంది. చూడకుండా చేయగలగాలంటే ఆ పని ఎన్ని వేల రాత్రులు చేసి ఉండాలి? శ్రమ గురించి ఈ కవిత చెప్పగలిగింది అంతే. అది సరిపోతుందా అని మీరు అడిగితే, సరిపోదని వాదించే విమర్శకుడితో నేను తగువు పెట్టుకోను.

రోలు చూడని పాఠకుడు

ఇప్పుడు అభినవగుప్తుడి మాట దగ్గరికి వద్దాం. సహృదయుడిలో వాసన లేకపోతే రసం లేదన్నాడు. మరి అపార్ట్‌మెంట్‌లో పుట్టి పెరిగి, ఇడ్లీపిండి ప్యాకెట్‌ను మాత్రమే చూసిన పాఠకుడికి ఈ కవిత అందుతుందా? నానిన మినప్పొట్టు వాసన అతనికి అందదు. ఎంత వివరించినా అందదు. ముక్కుకు తెలియని వాసనను మాటలతో పుట్టించలేం, ఉన్నదాన్ని లేపగలం. వాసనకు ఉన్న పరిమితి ఇది. అందుకే ఈ కవితలో వాసనలు రెండే ఉన్నాయి, అవి కూడా మొదట్లోనే వచ్చి తప్పుకున్నాయి.

స్పర్శ అలా కాదు. రోలు చూడనివాడికి కూడా తలుపు సందులో వేలు నలిగి ఉంటుంది. తిరుగుతున్న బరువైన వస్తువు వెనక చెయ్యి పెట్టడంలోని జంకు అతనికి తెలుసు. దెబ్బ తగిలిన వేలిని ఎవరో నీళ్ళలో పెట్టి పట్టుకోవడం తెలుసు. కవిత బరువంతా అలాంటి పంక్తుల మీద వేశాను. మీరు ఎంచుకున్న వస్తువు ఆవకాయ జాడీ అయినా, ఊదుగొట్టం అయినా, ఏ పంక్తి తెలిసినవాళ్ళకు మాత్రమే, ఏ పంక్తి అందరికీ అని వేరుచేసి చూసుకోండి. మొదటి రకం లేకపోతే కవితకు సొంత ఊరు ఉండదు. రెండో రకం లేకపోతే అది ఊరు దాటదు.

అభ్యాసం

1. మీ చిన్ననాటి వంటింటి వస్తువు ఒకటి ఎంచుకుని, చేతికి, ముక్కుకు తెలిసినవి మాత్రమే ఒక పేజీ రాయండి. రాసినదానిలో విశేషణాల కింద ఒక గీత, క్రియల కింద రెండు గీతలు గీయండి. ఏ క్రియ దగ్గర రెండో మనిషి కనిపించారో గుర్తించండి.

2. పైన ఇచ్చిన రెండవ రూపంలో ‘నొప్పి విడవలేదు’ అన్న పంక్తి అవసరమా? పిండి విడిపోవడం చెప్పాక నొప్పి మాట ఎత్తకపోయినా తెలుస్తుందని ఒక మిత్రుడు అన్నారు. ఆ పంక్తిని ఉంచి ఒకసారి, తీసేసి ఒకసారి పైకి చదివి, మీ అభిప్రాయాన్ని పది వాక్యాల్లో రాయండి.